ఎందుకు, ఎంతవరకు వచ్చు, రోజుకు ఎంతసేపు: ఇంగ్లీష్ నేర్చుకోవాలనుకునే పాఠకురాలికి

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు ఇంగ్లీష్ రావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఏ పుస్తకం కొనాలి, ఏ యాప్ మంచిది, ఎన్ని నెలల్లో వస్తుంది? దయచేసి దారి చూపించండి.
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: పుస్తకం పేరు ఇప్పుడే చెప్పను. మీరు రాసిన ఈ ఉత్తరాన్నే అక్షరం మార్చకుండా మరో ముగ్గురు రాసి ఉంటే, ఆ ముగ్గురికీ నేను వేరువేరు సమాధానాలు ఇవ్వవలసి వస్తుంది. మొదటివారు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్షకు చదువుతున్నారనుకోండి. అందులో మొదటి దశలోని 100 ప్రశ్నల్లో 25 ఇంగ్లీష్‌వి. వాటికి 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. అన్నీ ఇచ్చిన జవాబుల్లో సరైనదాన్ని గుర్తించే ప్రశ్నలే కాబట్టి, నోరు విప్పి ఒక్క వాక్యం మాట్లాడలేని మనిషి కూడా ఆ 50 మార్కుల్లో మంచి వాటా తెచ్చుకోవచ్చు. రెండవవారు బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలనుకుంటున్నారు. ఆమె ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాస్తే వినడం, చదవడం, మాట్లాడడం మూడింటిలోనూ 7 బ్యాండ్, రాయడంలో 6.5 తెచ్చుకోవాలి. మూడవవారికి పరీక్షే లేదు. ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని, తెలుగు రాని రోగి బంధువుకు డాక్టర్ గారు ఎన్నింటికి వస్తారో చెప్పగలిగితే చాలు. మొదటివారికి ఇవ్వవలసిన పుస్తకం మూడవవారికి ఇస్తే ఆరు నెలల తర్వాత ఆమెకు పర్యాయపదాలు వస్తాయి గానీ, కౌంటర్ ముందు నిలబడిన మనిషికి జవాబు చెప్పడం రాదు.

అందుచేత మీ గురించి నాకు నాలుగు సంగతులు తెలియాలి: ఇంగ్లీష్ దేనికి, ఇప్పుడు ఎంతవరకు వచ్చు, రోజుకు ఎంత సమయం ఉంది, ఏదైనా పరీక్ష ఉందా. ఇవి నాకు రాసి పంపమని చెప్పి ఊరుకోవచ్చు. కానీ చాలామందికి, ముఖ్యంగా రెండవదానికి, జవాబు తమకే సరిగా తెలియదు. అది తెలుసుకునే పద్ధతి చెప్పడమే ఈ సమాధానంలో నేను చేయగలిగిన అసలు సహాయం.

మొదట అవసరం సంగతి. ‘ధారాళంగా మాట్లాడాలి’ అనేది కోరికే గానీ లక్ష్యం కాదు, ఎందుకంటే అది ఎప్పుడు నెరవేరిందో తేల్చుకునే వీలు లేదు. ఎవరితో, ఎక్కడ, ఏ విషయం మీద, ఎప్పటిలోగా అన్నది అందులో ఉండాలి. అది వెంటనే తోచకపోతే గత నెల రోజులు గుర్తుచేసుకుని, ఇంగ్లీష్ రాక మీరు వెనక్కి తగ్గిన సందర్భాలు రెండు మూడు తెలుగులోనే రాయండి. బ్యాంకు నుంచి వచ్చిన ఫోన్ పెట్టేశారా? పిల్లల బడిలో టీచర్‌తో మాట్లాడవలసినప్పుడు మీ వారిని ముందుకు తోశారా? ఆఫీసులో వచ్చిన మెయిల్‌కు జవాబు వేరేవారితో రాయించుకున్నారా? ఆ సందర్భాలే మీ పాఠ్యప్రణాళిక. అవి ఒక్కటీ గుర్తుకు రాకపోతే, మీకు ప్రస్తుతం ఇంగ్లీష్ అవసరం లేదని కూడా అర్థం కావచ్చు. అందులో తప్పేమీ లేదు. తీరికగా, ఇష్టమైన చిన్న కథలు చదువుకుంటూ నేర్చుకోవచ్చు.

రెండవది స్థాయి. దీన్ని ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకోవచ్చు, డబ్బు ఖర్చు లేదు. ప్రభుత్వ పాఠశాలల 6, 8, 10 తరగతుల ఇంగ్లీష్ వాచకాలు సంపాదించండి. పక్కింటి పిల్లలవైనా సరే. ఒక్కొక్క దానిలో మధ్య నుంచి ఒక పాఠం తీసి, వరుసగా 100 పదాలు లెక్కపెట్టి, అర్థం తెలియని పదాల కింద గీత పెట్టండి. గీతలు రెండు మూడు దాటకపోతే ఆ పుస్తకం మీరు ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలిగేది. నిఘంటువు లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే 100 పదాల్లో దాదాపు 98 ముందే తెలిసి ఉండాలని పఠనం మీద పరిశోధన చేసినవారు చెబుతారు. గీతలు పది వచ్చాయంటే పుస్తకం మీకు బరువు, కిందికి దిగండి. ఇంగ్లీష్ దినపత్రిక తెప్పించుకుని వారం తిరగకముందే మానేసేవారిలో చాలామందికి కారణం ఇదే. అది వారి స్థాయికి రెండు మెట్లు పైన ఉంటుంది.

తర్వాత మాట. ఫోన్‌లో రికార్డర్ పెట్టి, ‘నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేశాను’ అన్న విషయం మీద రెండు నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడండి. ముందు సిద్ధం కాకూడదు, మధ్యలో ఆపకూడదు. ‘నా గురించి’ అన్న అంశం వద్దు. అది బడిలో బట్టీ పట్టినదే బయటికి వస్తుంది. ‘నిన్న’ అనగానే జరిగిపోయిన కాలం తప్పనిసరి అవుతుంది, బట్టీ పనికిరాదు. రికార్డింగ్ అయ్యాక దాన్ని వినకుండా, అదే విషయం మీద కాగితంపై పది వాక్యాలు రాయండి. ఫోన్ చూడవద్దు, ఎవరినీ అడగవద్దు. ఇప్పుడు రికార్డింగ్ వింటూ మీ నోటి మాటలను కూడా ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి దించి, రెండింటినీ పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ తప్పులు ఎక్కడున్నాయో మీకే స్పష్టంగా కనిపించకపోతే, ఇంగ్లీష్ వచ్చినవారికి ఒక్కసారి చూపించండి.

ఈ పోలికలోనే అసలు విషయం బయటపడుతుంది. నోటితో ‘యెస్టర్డే ఐ గో టు మార్కెట్’ అని, కాగితం మీద ‘వెంట్’ అని సరిగ్గా రాసి ఉంటే, మీకు ఆ నియమం తెలుసు. మాట్లాడే వేగానికి అది అందడం లేదు. మీకు కావలసింది గ్రామర్ పుస్తకం కాదు, గడియారం పెట్టుకుని నోటితో చేసే సాధన. రెండుచోట్లా ‘గో’ అనే ఉంటే నియమమే తెలియదు. ముందు పాఠం, తర్వాత సాధన. కాగితం మీద కూడా పది వాక్యాలు పూర్తి కాలేదంటే కొరత పదాల్లో ఉంది. 6వ తరగతి వాచకం దగ్గర మొదలుపెట్టి విరివిగా చదవడమే మందు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవారిలో నేను ఎక్కువగా చూసేది మొదటి రకాన్ని: చదువు పదో తరగతి వాచకం దాకా సాఫీగా సాగుతుంది, మాట మాత్రం ఆరో తరగతి దగ్గర ఆగి ఉంటుంది. వీరు కోచింగ్‌కు వెళ్తే అక్కడ మళ్ళీ నౌన్, ప్రొనౌన్ నుంచి మొదలుపెడతారు. తెలిసిందే మళ్ళీ వింటూ మూడు నెలలు గడిపి, ఫీజు కట్టి, మాట రాకుండానే బయటికి వస్తారు.

పుస్తకాల అట్టల మీద కనిపించే ఏ1, ఏ2, బీ1, బీ2 అన్న గుర్తుల గురించి కూడా ఒక మాట. ఇవి యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన భాషా స్థాయిల పట్టిక నుంచి వచ్చినవి. అడుగున ఏ1, పైన సీ2. తెలిసిన రోజువారీ పనుల గురించి చిన్న చిన్న వాక్యాల్లో చెప్పగలిగితే ఏ2. జరిగిన సంగతిని వరుసగా చెప్పి, తన అభిప్రాయానికి కారణం కూడా చెప్పగలిగితే బీ1. చదవడంలో ఒక స్థాయి, మాట్లాడడంలో మరొక స్థాయి ఉండడం మామూలే. అందుకే పుస్తకాన్ని మీ చదువు స్థాయిని బట్టి, మాటల సాధనను మీ మాట స్థాయిని బట్టి ఎంచుకోవాలి.

ఎన్ని నెలలు అన్న మీ ప్రశ్నకు జవాబు మూడవ సంగతిలో, అంటే రోజువారీ సమయంలో ఉంది. ఏ2 చేరడానికి సుమారు 180 నుంచి 200 గంటలు, బీ1 చేరడానికి మొత్తం 350 నుంచి 400 గంటల పాటు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చదువు అవసరమని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా ఇస్తుంది. అంటే ఏ2 నుంచి బీ1కు 150 నుంచి 200 గంటలు. వారానికి ఆరు రోజులు, రోజుకు ముప్పావు గంట చదివితే నెలకు 19 గంటలకు అటూ ఇటూ వస్తుంది. లెక్క ఎనిమిది నుంచి పది నెలలకు తేలుతుంది. ఇది నాలుగు నైపుణ్యాలకూ కలిపి వేసిన లెక్క కాబట్టి, ఒకే పనికి కావలసిన మాటలు మాత్రమే నేర్చుకుంటే ఇంకా త్వరగా ఫలితం కనిపిస్తుంది. ముప్పై రోజుల్లో ఇంగ్లీష్ అనే ప్రకటనలను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. సమయం చెప్పేటప్పుడు ఖాళీగా ఉన్న ఆదివారాన్ని కాక, బాగా పని ఉన్న మంగళవారాన్ని తలచుకుని చెప్పండి.

ఇక ఒక మనిషిని ఊహించుకుని ఇదంతా ఎలా కలుస్తుందో చూద్దాం. తెలుగు మీడియంలో బీకాం చేసి, మందుల దుకాణంలో పని చేస్తూ, ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో కార్పొరేట్ ఆసుపత్రి రిసెప్షన్‌లో చేరాలనుకుంటున్న ఒక అమ్మాయి. పదో తరగతి వాచకంలో 100 పదాలకు మూడు గీతలు వచ్చాయి. రికార్డింగ్‌లో రెండు నిమిషాలకు ఏడు వాక్యాలు, అందులో నాలుగు ‘గో’, ‘కమ్’ తప్పులు. కాగితం మీద ఒకటే తప్పు. రోజుకు ముప్పావు గంట ఉంది, పరీక్ష లేదు, నాలుగు నెలల తర్వాత ఇంటర్వ్యూలకు వెళ్ళాలనుకుంటోంది.

ఈమెకు కావలసింది ముందుగా ఇరవై ముప్పై వాక్యాల జాబితా. దాన్ని ఏ పుస్తకంలోనూ వెతకనక్కర్లేదు. ఏదైనా ఆసుపత్రి ఓపీ దగ్గర అరగంట కూర్చుంటే రిసెప్షన్ వారు తెలుగులో ఏమేమి అంటున్నారో చెవిన పడుతుంది: రిపోర్టులు తెచ్చారా, డాక్టర్ గారు ఇంకా రాలేదు, బిల్లు ఆ కౌంటర్‌లో కట్టాలి, ఖాళీ కడుపుతో రావాలి. వీటిని ఇంగ్లీష్ వచ్చిన ఒకరితో ఒక్కసారి సరిచూపించుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

వీటిలో తెలుగువారికి గట్టిగా అడ్డుపడేవి రెండు. ఒకటి ప్రశ్న, వ్యతిరేకార్థం. మనం ‘తెచ్చారు’ చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది కాబట్టి, ఇంగ్లీష్‌లోనూ ‘యు బ్రాట్ రిపోర్ట్స్?’ అని గొంతు పైకి లేపుతాం. ‘డిడ్’ పెట్టాలని గుర్తొచ్చినప్పుడు ‘డిడ్ యు బ్రాట్’ అంటాం. జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ మోస్తున్నప్పుడు క్రియ మామూలు రూపానికి వచ్చేయాలి: ‘డిడ్ యు బ్రింగ్ ద రిపోర్ట్స్?’ ‘ద డాక్టర్ డిడ్ నాట్ కమ్ యెస్టర్డే’. రెండవది ఇంకా సూక్ష్మమైనది, డిగ్రీలు చదివినవారి నోటా వినిపించేది. ‘రోజూ పదింటికి వస్తారు’, ‘రేపు పదింటికి వస్తారు’ అన్న రెండు వాక్యాల్లోనూ తెలుగులో క్రియ ఒక్కటే. ఇంగ్లీష్‌లో మొదటిది ‘కమ్స్’, రెండవది ‘విల్ కమ్’. మన అలవాటు రెండిటికీ ‘విల్’ పెడుతుంది: ‘డైలీ డాక్టర్ విల్ కమ్ ఎట్ టెన్’. విన్నవారికి అర్థమవుతుంది, పని ఆగదు. కానీ ఇంటర్వ్యూలో ఎదుటివారి చెవికి అది వెంటనే తగులుతుంది.

ఈ రెండింటినీ నియమంగా చదివితే అయిదు నిమిషాల పని. నోటికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. అందుకని ఆమె ముప్పావు గంటలో మొదటి పావుగంట ఒకే రూపం మీద గడపాలి. ఈ వారం ‘డిడ్ యు’ అనుకుంటే, బ్రింగ్, పే, ఈట్, కాల్, టేక్ అంటూ క్రియను మార్చుతూ, తెలుగు వాక్యం చూసి ఇంగ్లీష్‌లో బిగ్గరగా చెప్పాలి. మనసులో అనుకుంటే లాభం లేదు. రెండవ పావుగంట మాట: ఒక చిన్న విషయాన్ని, ఉదాహరణకు కొత్త రోగి వచ్చినప్పటి నుంచి డాక్టర్ గదిలోకి వెళ్ళేదాకా జరిగే క్రమాన్ని, నాలుగు నిమిషాలు చెప్పి, అదే మళ్ళీ మూడు నిమిషాల్లో, మళ్ళీ రెండు నిమిషాల్లో చెప్పాలి. భాషా బోధనలో చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. విషయం కొత్తగా వెతుక్కోనక్కర్లేదు కాబట్టి మూడోసారికి మాటల మధ్య తడుముకోవడం తగ్గుతుంది. మొదట్లో నాలుగు నిమిషాలు నిండకపోతే మూడు, రెండు, ఒకటిగా మొదలుపెట్టవచ్చు. వినేవారుంటే మంచిది, లేకపోతే ఫోనే వింటుంది. చివరి పావుగంట చదవడానికో, వినడానికో. ఈమె విషయంలో ఎనిమిదో తరగతి వాచకం నుంచి మొదలుపెట్టమంటాను, పదో తరగతిది కాదు. ఆగకుండా చదివే వేగం రావాలంటే పుస్తకం కాస్త తేలికగానే ఉండాలి.

ఆర్టికల్స్ గురించి మొదటి నాలుగు నెలలు ఈమెను కంగారుపడవద్దంటాను. ‘ఎ’, ‘ద’ మన భాషలో లేవు, అవి చివరి దాకా ఇబ్బంది పెడతాయి, వాటి వల్ల కౌంటర్‌లో ఏ పనీ చెడదు. ఉచ్చారణలో మాత్రం ఒక్కటి చూసుకోవాలి: పదం చివర హల్లు ఉన్నచోట మనం అలవాటుగా ‘ఉ’ చేర్చి ‘బస్సు’, ‘బిల్లు’ అంటాం. ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు కూడా ‘డిడ్డు’, ‘హిజ్జు’ అన్నట్టు వినిపిస్తే, తెలుగు రానివారికి పదాలు ఎక్కడ విడిపోతున్నాయో అందదు. రికార్డింగ్ వింటే ఇది మీకే తెలిసిపోతుంది.

పని జరుగుతోందో లేదో తేల్చుకోవడానికి ఎనిమిది వారాల తర్వాత అదే ‘నిన్న’ రికార్డింగ్ మళ్ళీ చేసి, పాతదాని పక్కన పెట్టాలి. వాక్యాలు ఏడు నుంచి పన్నెండుకు పెరిగి, తప్పులు అలాగే ఉంటే ధైర్యం వచ్చింది గానీ రూపాలు రాలేదు. మొదటి పావుగంటను పెంచాలి. తప్పులు పోయి, వాక్యాలు ఏడే ఉంటే అతి జాగ్రత్త పడుతున్నట్టు; రెండవ భాగాన్ని పెంచాలి. రెండూ కదలకపోతే సాధన నోటితో కాక కళ్ళతో జరిగి ఉంటుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూసి ‘రోజూ గంట ఇంగ్లీష్’ అని లెక్క వేసుకునేవారికి సాధారణంగా జరిగేది ఇదే: అర్థం చేసుకునే శక్తి కొంత పెరుగుతుంది, మాట ఉన్నచోటే ఉంటుంది.

పరీక్ష ఉంటే ఈ ప్రణాళిక అంతా మారుతుంది. సీజీఎల్ వంటివాటికి పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, ఏ రకం ప్రశ్నలో మార్కులు పోతున్నాయో చూసుకుని దాన్నే చదవాలి. రికార్డింగులతో అక్కడ పనిలేదు. ఐఈఎల్‌టీఎస్ అయితే ఫలితం రెండేళ్ళ వరకే చెల్లుతుంది కాబట్టి, స్థాయి రాకముందే తొందరపడి ఫీజు కట్టకూడదు. ఏ2 దగ్గర ఉన్నవారు పరీక్ష ‘టెక్నిక్’లు నేర్పే కోచింగ్‌లో చేరడం డబ్బు దండగ, ముందు భాష బీ1 దాటాలి, ఆ తర్వాతే ప్రశ్నల తీరు.

యాప్ సంగతి అడిగారు. పదాలు మరిచిపోకుండా మళ్ళీ మళ్ళీ చూపించడానికి ఏ యాప్ అయినా పనికొస్తుంది. తెరపై వేలితో నొక్కితే సరిపోయే అభ్యాసాలతో మాత్రం మాట రాదు. కాబట్టి దాని ఎంపిక మీద ఎక్కువ సమయం పెట్టవద్దు.

మీరు మళ్ళీ రాసేటప్పుడు ఇలా ఉంటే చాలు: ‘నాకు ఫలానా చోట, ఫలానావారితో, ఫలానా పనికి ఇంగ్లీష్ కావాలి, ఫలానా నెలలోగా. ఎనిమిదో తరగతి వాచకంలో 100 పదాలకు ఇన్ని తెలియలేదు, పదో తరగతి దానిలో ఇన్ని. పని ఉన్న రోజున ఇంత సమయం దొరుకుతుంది. ఫలానా పరీక్ష ఉంది, లేదా లేదు.’ దానితో పాటు మీరు కాగితం మీద రాసిన ‘నిన్నటి’ పది వాక్యాలను, రికార్డింగ్ నుంచి దించుకున్న మాటలను తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు పంపండి. ఎవరితోనూ దిద్దించి పంపవద్దు. దిద్దిన కాగితం చూసి నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. అవి అందాక పుస్తకం పేరు, అందులో ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలో కూడా రాస్తాను.